పెట్టె మీద పేరు: గల్ఫ్ వలసపై వచ్చిన ఒక తొలి నవలకు పేరు కుదిరిన తీరు

ఈ కేసులో రచయిత్రి వివరాలు, ఊళ్లు, నవలలోని కొన్ని ఘటనలు మార్చాం. పరిశీలనకు వచ్చిన పేర్ల స్థానంలో కూడా అదే తీరులో ఉండే వేరే పేర్లు పెట్టాం. ఏ పేరును ఎందుకు కాదన్నాం, ఏది ఎందుకు ఉంచాం అన్న తర్కాన్ని మాత్రం ముట్టుకోలేదు.

నవల

కథ జగిత్యాల వైపు ఒక ఊళ్లో 1994లో మొదలవుతుంది. తండ్రి దుబాయి పోతాడు. కూతురికి అప్పుడే చదవడం వస్తోంది. ఆరు నెలలకు బొంబాయి మీదుగా ఒక అట్టపెట్టె ఇంటికి చేరుతుంది. నైలాన్ తాడుతో అడ్డంగా నిలువుగా బిగించి కట్టి, మీద మార్కర్‌తో పేరు, ఊరు రాసి ఉంటాయి. ఊరు తమదే. పేరు మాత్రం నాయినది కాదు. పిల్ల అడిగితే తల్లి, 'పంపిన సోపతి పేరు బిడ్డా' అని దాటేస్తుంది. లోపల పాలపొడి డబ్బా, దుప్పటి, టాంగ్ పొడి, టైగర్ బామ్, ఒక క్యాసెట్ ఉంటాయి.

అసలు సంగతి 140వ పేజీ దగ్గర బయటపడుతుంది. వీసా తెచ్చుకుని చివరి నిమిషంలో ఆగిపోయిన ఒకతని పాస్‌పోర్టు మీద, ఫొటో మార్చి, ఏజెంటు ఇతన్ని విమానం ఎక్కించాడు. అంటే అక్కడ అతను ఇంకొకరి పేరుతో బతుకుతున్నాడు. 1996లో యూఏఈ క్షమాభిక్ష ప్రకటించి, కాగితాలు లేనివాళ్లను వెళ్లిపోనిచ్చినప్పుడు కూడా అతను రాడు. బొంబాయిలో దిగితే పట్టుబడతానని భయం. చివర్లో అతను అక్కడే చనిపోతాడు. మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ సర్టిఫికెట్, కాన్సులేట్ ఇచ్చే నిరభ్యంతర పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు అన్నిటి మీదా ఆ వేరే పేరే ఉంటుంది. శవం పెట్టె మీద కూడా అదే. దాన్ని ఏ ఇల్లు అందుకోవాలన్నదే ఆఖరి నలభై పేజీలు.

మొత్తం 216 పేజీలు, డెమీ 1/8 సైజు, మొదటి ముద్రణ 500 ప్రతులు. రచయిత్రికి ఇది మొదటి పుస్తకం. ఈ విషయం పేరు మీద నేరుగా ప్రభావం చూపుతుంది. పేరున్న రచయిత పుస్తకం మీద ఏ మాట ఉన్నా పాఠకుడు రచయితను చూసి తీసుకుంటాడు. తొలి రచయిత విషయంలో ఆ ఆసరా లేదు. అట్ట మీది ఆ రెండు మూడు మాటలే పలకరింపు, పరిచయం రెండూ చేయాలి.

వచ్చిన చిక్కు

చేతిప్రతి మీద ఉన్న పేరు 'వలస బతుకులు'. ఇందులో అబద్ధమేమీ లేదు. విషయం పూర్తిగా చెప్పేస్తోంది, చిక్కంతా అక్కడే. నవలను నడిపించేది ఒక ప్రశ్న: ఆ పేరు ఎవరిది? అట్ట మీది మాట చూస్తే మాత్రం ఇది వ్యాససంపుటి అయినా కావచ్చు, సర్వే నివేదిక అయినా కావచ్చు. పైగా 'బతుకులు' అనగానే పాఠకుడి మనసులో జాలి సిద్ధమైపోతుంది. ఈ నవల జాలి అడగదు. పిల్ల నిఘా కళ్లతో తల్లిని గమనిస్తుంటుంది, అంతే. పేరు పెట్టిన అంచనా ఒకటి, మొదటి పేజీ గొంతు ఇంకొకటి.

పేరు సరిపోలేదని తేల్చింది ఒక చిన్న పరీక్ష. అదే పేరును పాలమూరు నుంచి పుణెకు పోయే మట్టిపని కూలీల నవల మీద పెట్టి చూడండి. సిరిసిల్ల నుంచి భివండి పోయిన నేతకార్మికుల మీద, శ్రీకాకుళం నుంచి గుజరాత్ తీరానికి వేటకు పోయే మత్స్యకారుల మీద పెట్టండి. అన్నిటికీ సరిపోతుంది. ఒక పేరు పది నవలలకు సరిపోతోందంటే అది ఈ నవలది కాదు.

రచయిత్రి అభ్యంతరం కూడా గట్టిదే. 'వలస అన్న మాట తీసేస్తే, ఎవరి కోసం రాశానో వాళ్లకు ఇది తమ పుస్తకమని ఎట్లా తెలుస్తుంది?' అని ఆమె అడిగారు. ఆ తర్వాత చేసిన పని అంతా ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే.

పనికిరాని పేర్లు, వాటి కారణాలు

తర్వాత వచ్చినవి ఎడారి పేర్లు. 'ఎడారి వాన', 'ఇసుక మీద రాత' వంటివి. వినడానికి బాగుంటాయి. చేతిప్రతిలో వెతికితే ఎడారి రెండే చోట్ల, అదీ బస్సు కిటికీలోంచి కనిపిస్తుంది. తండ్రి పని చేసేది కట్టుబడి సైట్లో, పడుకునేది లేబర్ క్యాంపులో పన్నెండు మంది ఉండే గదిలో. అతని లోకం సిమెంటు, ఇనుము, ఇరుకు మంచాలు. గల్ఫ్ అనగానే ఎడారి గుర్తొచ్చేది ఎప్పుడూ పోనివాళ్లకు. పోయొచ్చినవాళ్లు ఆ పేరు చూస్తే, రాసినవాళ్లకు అక్కడి సంగతి తెలియదని మొదటే అనుకుంటారు. నవలలో లేని దృశ్యాన్ని పేరులో పెట్టడం వల్ల జరిగే నష్టం ఇదే.

ఇక 'ఖల్లివల్లి'. వీసా గడువు దాటి, కంపెనీ నుంచి తప్పుకుని, కాగితాలు లేకుండా ఉండిపోయినవాణ్ణి ఉత్తర తెలంగాణలో అనే మాట ఇది. మేం ఎక్కువకాలం నిలబడింది ఈ పేరు దగ్గరే. లోకాన్ని ఒక్క మాటలో పట్టుకుంటుంది, మరే ప్రాంతం నవలకూ అతకదు. మూడు కారణాల వల్ల వదిలాం. మొదటిది, నిజామాబాద్, కరీంనగర్ పాఠకులకు ఇది కథ మొత్తం చెప్పేస్తుంది. మనిషి పోతాడు, కాగితాలు పోతాయి, తిరిగి రావడం కష్టం. రెండోది, కోస్తాలో ఇదే మాట డాన్సు పాట పల్లవిలా వినిపించింది. ఒకే పేరు ఒక సగం పాఠకులకు మొత్తం విప్పేస్తూ, ఇంకో సగానికి తప్పుడు గుట్టు ఇస్తోంది. మూడోది పూర్తిగా వ్యవహారం. పుస్తకాన్ని ఆన్‌లైన్‌లో వెతికేవాళ్లలో చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు. ఈ మాటకు 'ఖ'నా 'క'నా, 'ల్ల'నా 'ల'నా, ఒక మాటా రెండు మాటలా అన్నది ఎవరికి వాళ్లే తేల్చుకుంటారు. వెతికినవాళ్లలో సగం మందికి దొరకని పేరు అది.

రచయిత్రికి బాగా నచ్చింది 'మారుపేరు'. చిన్నది, పలకడం తేలిక, కథ గుండెకాయ అదే. అందుకే వద్దన్నాం. నూట నలభై పేజీల పాటు పాఠకుడు పిల్లతో పాటు తికమకపడాలి. తల్లికి ఇంకెవరితోనో సంబంధం ఉందా? నాయిన నిజంగా దుబాయిలోనే ఉన్నాడా? ఈ అనుమానాలు నడవాలంటే, పేరు మార్చుకున్నారన్న ఊహ పాఠకుడికి ముందే రాకూడదు. అట్ట మీద 'మారుపేరు' అని ఉంటే మొదటి అధ్యాయంలో పెట్టె మీద వేరే పేరు కనిపించగానే ముడి విడిపోతుంది. ముడి ఉన్న చోటు చూపించడం వేరు, విప్పి చూపించడం వేరు. పేరు మొదటి పని వరకే చేయాలి.

దీనికి విరుగుడుగా అటు చివరికి కూడా వెళ్లి చూశాం: 'అమ్మ చెప్పని మాట'. గుట్టు ఉంది, గుట్టు తప్ప ఇంకేమీ లేదు. వారపత్రిక సీరియల్‌కూ, డిటెక్టివ్ నవలకూ, అత్తాకోడళ్ల కథకూ సరిపోతుంది. ఇందాకటి పరీక్షలో 'వలస బతుకులు' ఎలా ఓడిందో ఇదీ అలాగే ఓడింది. ఒకటి ఇతివృత్తం వైపు, ఇంకొకటి గుట్టు వైపు మొగ్గినా, రెండింటి లోపమూ ఒకటే. ఈ పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేని వస్తువు వాటిలో లేదు. అప్పటిదాకా గుట్టు ఎంత, ఇతివృత్తం ఎంత అని త్రాసులో తూచుతూ వచ్చాం. ఇక్కడి నుంచి వెతుకులాట దిశ మారింది.

చేతిప్రతిలోకి మళ్లీ

పెన్సిల్ పట్టుకుని చేతిప్రతిని వస్తువుల కోసమే చదివాం. భావాలు, ఉపమానాలు పక్కనపెట్టి, చేత్తో పట్టుకోగలిగినవి మాత్రమే రాసుకున్నాం. ప్రతి వస్తువు ఎదురుగా అది వచ్చే పేజీలు, వచ్చిన ప్రతిసారీ దానికి ఉన్న అర్థం. క్యాసెట్, ఎస్టీడీ బూత్, డీడీ కాగితం, నైలాన్ తాడు, అట్టపెట్టె, గోడ గడియారం.

ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క ఇక్కడ దారి తప్పిస్తుంది. ఎస్టీడీ బూత్ నవల నిండా ఉంది. అయితే ఎప్పుడు వచ్చినా దాని పని ఒకటే, ఎదురుచూపు. క్యాసెట్ తొమ్మిది చోట్ల వస్తుంది. చదువురాని తండ్రి మాటలు రికార్డు చేసి పంపుతాడు, ఇల్లంతా చుట్టూ కూర్చుని వింటారు. అట్టకు చాలా ముచ్చటైన వస్తువు. కానీ అది పాతరోజుల మీద బెంగ పుట్టిస్తుంది, కథలోని ప్రశ్న దానిలో లేదు.

పెట్టె నాలుగే చోట్ల వస్తుంది. మొదటిసారి సంబరం, అందులోనే చిన్న ముల్లు. రెండోసారి, అదే పేరుతో ఇంకో పెట్టె వచ్చినప్పుడు తల్లి పేరున్న అట్టముక్కను కత్తితో కోసి పొయ్యిలో వేస్తుంది. మూడోసారి ఆ పేరున్న అసలు మనిషి బతికే ఉన్నాడని, పక్క మండలంలో ఉన్నాడని తెలుస్తుంది. నాలుగోసారి వచ్చేది శవం పెట్టె. వచ్చిన ప్రతిసారీ అర్థం మారే వస్తువు ఇదొక్కటే. దాన్ని కదిలించేది మీద ఉన్న పేరు. అలా 'పెట్టె మీద పేరు' నిలిచింది.

వెంటనే ఒక మాట పట్టింపు వచ్చింది. ఆ ప్రాంతంలో దుబాయి నుంచి వచ్చే అట్టపెట్టెను ఎక్కువగా 'డబ్బా' అంటారు. చేతిప్రతిలో కూడా మొదటి మూడు చోట్లా డబ్బా అనే ఉంది, చివరిది మాత్రం పెట్టె. రచయిత్రి 'డబ్బా మీద పేరు' అన్నారు. యాసకు అది న్యాయమే. అయితే డబ్బా అంటే మిగతా చోట్ల రేకు డబ్బా, పైగా గొప్పలు చెప్పుకోవడం అన్న అర్థం వెనకాలే వస్తుంది. ఇంకా ముఖ్యమైనది, శవాన్ని ఎవరూ డబ్బాలో వచ్చిందనరు. సరుకు పెట్టెనూ శవం పెట్టెనూ ఒకే మాట కలపాలి, ఆ కలపడం పాఠకుడికి చివర్లో తెలియాలి. అందుకని పేరులో పెట్టెనే ఉంచి, కథనంలో డబ్బాను అలాగే వదిలి, మొదటి అధ్యాయంలో ఒక్క మాట చేర్చమని అడిగాం. పెట్టె దించుతుంటే తల్లి, 'సూడు బిడ్డా, పెట్టె మీద ఏం పేరున్నది?' అంటుంది. చదువురాని తల్లి చదువుకున్న కూతుర్ని అడిగే ఆ వాక్యంతో పేరు కథలోకి దిగింది. ఆమెకు జవాబు ముందే తెలుసన్నది రెండోసారి చదివేవాళ్లకు తడుతుంది.

పాఠకుల మీద పెట్టిన పరీక్ష

నవల చదవని పన్నెండు మందిని తీసుకున్నాం. నలుగురు గల్ఫ్ కుటుంబాలున్న జిల్లాలవాళ్లు, నలుగురు కోస్తా, రాయలసీమవాళ్లు, నలుగురు హైదరాబాద్‌లోనో విదేశాల్లోనో ఉంటున్నవాళ్లు. ఇది ఓటింగ్ కాదు. పన్నెండు మందితో లెక్కలు తేలవు, తేల్చకూడదు కూడా. వినవలసింది వాళ్లు చెప్పే కారణాలు. 'బాగుందా' అని అడిగితే మర్యాదకు అందరూ బాగుందంటారు, అందుకే ఆ ప్రశ్న వేయలేదు. వేసినవి మూడు: ఇది దేని గురించి అనుకుంటున్నారు? ఎక్కడ జరుగుతుంది? తెరిస్తే మొదట ఏం తెలుసుకోవాలనుకుంటారు?

'వలస బతుకులు' చూపించినప్పుడు మొదటి ప్రశ్నకు అందరూ సరిగ్గా చెప్పారు, మూడో ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోయారు. తెలుసుకోవాలనిపించేది ఏదీ మిగల్లేదు. 'పెట్టె మీద పేరు'కు ఇది తలకిందులైంది. గల్ఫ్ జిల్లాలవాళ్లు తాడు కట్టిన అట్టపెట్టెనే చెప్పారు, వాళ్లలో ఒకరు కొంచెం ఆగి శవం పెట్టె అన్నారు. మిగతా ప్రాంతాల్లో ఇద్దరు పెళ్లికూతురి ట్రంకుపెట్టె అనుకున్నారు, ఒకరు ఓట్ల పెట్టె అన్నారు. మూడో ప్రశ్నకు మాత్రం దాదాపు అందరి నోటా వచ్చింది ఒకటే: 'ఎవరి పేరు?' నవల అడిగే ప్రశ్నా అదే.

పెళ్లిపెట్టె ఊహ గురించి కాస్త ఆలోచించాల్సి వచ్చింది. పాఠకుడి ఊహ తప్పడం వల్ల ప్రమాదం లేదు. తప్పుడు రకం పుస్తకమనుకుని కొనకుండా పోవడం, కొని నిరాశపడడం ప్రమాదం. ఇల్లు విడిచి వెళ్లడం, సామాను కట్టుకోవడం పెళ్లిపెట్టెలోనూ ఉన్నాయి కాబట్టి ఆ ఊహ నవలకు శత్రువు కాదు. దాన్ని సరిదిద్దే పని పేరుకు కాకుండా అట్టబొమ్మకు అప్పగించవచ్చు.

ఇంకో పరీక్ష ఫోన్‌లో. పేరును ఒక్కసారే పలికి, మర్నాడు దాన్ని వాట్సాప్‌లో రాసి పంపమన్నాం. తెలుగు పుస్తకం ఎక్కువగా ఒకరి నోటి నుంచి ఇంకొకరికి చేరుతుంది, దుకాణంలో పేరు చెప్పి అడుగుతారు. ఒకరిద్దరు 'పెట్టె మీది పేరు' అని రాశారు తప్ప ఎవరూ తడుముకోలేదు. 'పె'తో మొదలై 'పే'తో మళ్లీ పలకడం గుర్తుండడానికి సాయపడింది.

అట్ట, వెనక అట్ట, వెన్ను

వలస అన్న మాట తీసేస్తే తమవాళ్లు ఎట్లా గుర్తుపడతారన్న రచయిత్రి ప్రశ్నకు జవాబు దొరికింది ఇక్కడ. పేరు ఒక్కటే మొత్తం మోయనక్కర్లేదు. ప్రశ్న పేరుకు, లోకం బొమ్మకు, వలస అన్న మాట వెనక అట్టకు పంచాం.

మొదటి డిజైన్‌లో విమానం, ఇసుక దిబ్బలు, పెట్టె మూడూ ఉన్నాయి. పేరు దాచినదాన్ని బొమ్మ చాటింపు వేస్తోంది. విమానం, ఇసుక తీసేయించి అట్టపెట్టె ఒక్కటే ఉంచాం, నీలం నైలాన్ తాడు ముడి దగ్గరగా కనిపించేలా. మార్కర్ రాత ఊరి పేరు దగ్గర మాత్రమే కనిపిస్తుంది, మనిషి పేరు ఉండాల్సిన చోట తాడు అడ్డుపడుతుంది. పేరు గురించి అడిగే పుస్తకం అట్ట మీద ఏదో ఒక పేరు రాసి చూపిస్తే ప్రశ్న సగం చచ్చిపోతుంది. శవం పెట్టెను గుర్తుచేసే నలుపు, పూలు వంటివి వద్దన్నాం.

రచయిత్రి కోరిన 'ఒక గల్ఫ్ వలస కుటుంబ గాథ' అన్న ఉపశీర్షిక ముందు అట్ట మీద ఉంచలేదు. అది ఉంటే ఇంత కష్టపడి ఆపినదాన్ని కింద చిన్న అక్షరాల్లో చెప్పేసినట్టే. ముందు 'నవల' అన్న ఒక్క మాటే ఉంది. వెనక అట్ట తొలి వాక్యంలోనే దుబాయి, జగిత్యాల రెండూ వచ్చేలా రాశాం. దుకాణంలో పుస్తకం తీసుకున్న మనిషి రెండు సెకన్లలో తిప్పి చూస్తాడు, ఆ తిప్పే వరకు ఆపడమే పేరు పని.

వెన్ను దగ్గర ఒక సాంకేతిక సంగతి. ఈ మందం పుస్తకానికి వెన్ను సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. బైండింగ్‌లో మడత కొంచెం జరుగుతుంది కనుక అక్షరాలకు రెండు వైపులా ఒకటిన్నర మిల్లీమీటరు వదలాలి. తెలుగులో ఒత్తు అక్షరం కింద ఇంకో అంతస్తు తీసుకుంటుంది. 'ట్టె'లో కింది ఒత్తుతో కలిపి కొలిచి సైజు తగ్గించాల్సి వచ్చింది. పై అక్షరం వరకే కొలిస్తే ఒత్తు మడతలోకి పోయి 'పెటె' అని కనిపిస్తుంది. పొడుగు పేరైతే ఈ సైజులో వెన్ను మీద చదవడమే కుదరదు.

ఖాయం చేసే ముందు

పేరు వాడకంలో ఉందేమో మూడు రకాలుగా వెతికాం: తెలుగు లిపిలో, ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చే ప్రతి స్పెల్లింగ్‌తో, మాటలు విడదీసి. పుస్తక దుకాణాల జాబితాలు, స్కాన్ చేసిన పాత పుస్తకాలున్న సైట్లు, సినిమా పేర్లు చూడాలి. కథల పేర్ల కోసం శ్రీకాకుళం కథానిలయం సైటు తప్పకుండా చూడాలి, చాలామంది మర్చిపోయేది అదే. చట్టం ప్రకారం చూస్తే ఒట్టి పేరుకు కాపీరైటు లేదు. ఒక హిందీ సినిమా పేరు తగాదాలో 2015లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. కాబట్టి ఈ వెతుకులాట కేసుల భయంతో కాదు. ఒకే పేరున్న రెండు పుస్తకాల్లో తొలి రచయితదే ఎప్పుడూ కింద పడుతుంది, దుకాణంలోనూ వెతుకులాటలోనూ.

ఐఎస్‌బీఎన్ దరఖాస్తులో పేరు రాయాలి. అందుకే పేరు ఖాయమయ్యాకే దరఖాస్తు పెట్టాం. తొందరపడి పాత పేరుతో తీసుకుంటే తర్వాత సవరణ కోసం తిరగాలి. దుకాణాల జాబితాల్లో పాత పేరు అలాగే ఉండిపోయే ప్రమాదం కూడా ఉంది.

మిగిలిన లోటు, ఈ కేసు నేర్పినది

ఈ పేరుకు ఒక ఖర్చు ఉంది. 'గల్ఫ్ వలస నవల' అని వెతికే పరిశోధక విద్యార్థికి, లైబ్రేరియన్‌కు పేరును బట్టి ఇది దొరకదు. ఆన్‌లైన్ వివరణలో, విషయ పదాల్లో గల్ఫ్, వలస, దుబాయి, ఉత్తర తెలంగాణ అన్న మాటలు విడిగా చేర్చాం. ముద్రణ సమాచారం పేజీలో కూడా ఒక వాక్యం పెట్టాం. గుట్టు ఉన్న పేరు పెట్టినప్పుడల్లా ఈ పని కూడా లెక్కలో వేసుకోవాలి, లేదంటే పుస్తకం అవసరమైనవాళ్లకే అందదు.

గుట్టును, ఇతివృత్తాన్ని రెండు పాళ్లుగా కలిపి పేరు తయారుచేయబోతే, 'వలసలో ఒక రహస్యం' లాంటి అతుకుల పేర్లే వస్తాయి. ఈ నవలలో రెండూ ఒకే వస్తువులో ముందే కలిసి ఉన్నాయి. దాన్ని కనిపెట్టడమే పని అయింది. చదవకముందు ఒక అర్థం, చదివాక ఇంకో అర్థం ఇచ్చే వస్తువు ఉంటే పేరు దాని చుట్టూ వస్తుంది. అలాంటి వస్తువు లేని నవలలు ఉంటాయి. అప్పుడు చోటు పేరునో, ఒక పాత్ర పదేపదే అనే మాటనో వెతకాలి. లేని వస్తువును పేరు కోసం చివరి నిమిషంలో కథలోకి చొప్పిస్తే అతుకు కనిపిస్తుంది. ఇక్కడ మేం చేర్చింది తల్లి నోట ఒక్క వాక్యం. పెట్టె ముందు నుంచీ అక్కడే ఉంది.

ఆ వాక్యం వల్లే ఇంకో జాగ్రత్త కూడా తెలిసింది. పేరు మారితే చేతిప్రతిలో దానికి తగిలే చోట్లు కొన్ని మారతాయి, కాబట్టి చివరి ప్రూఫు కంటే ముందే పేరు తేలాలి. మేం నాలుగో పెట్టె దృశ్యంలో 'శవపేటిక' అని ఉన్న రెండు చోట్ల 'పెట్టె' అని దిద్దించాం. ఆ రెండూ అలాగే ఉండిపోయి ఉంటే అట్ట మీది మాట ఆఖరి అధ్యాయంలో వినిపించేది కాదు.